జాబితాలో పేరు



మీలో ఎందరికో అక్షరాలు దిద్దించిన మాస్టారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసానికి విషయం ఏమిటా అని నేను వెతుక్కోవలసిన అవసరం రాలేదు. నెల రోజుల కిందట మాస్టారి అబ్బాయి ఒక గుడ్డసంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పదవీ విరమణ తరవాత మాస్టారు ఆదివారం పూట తన అరుగు మీద కూర్చుని ఊరివాళ్లకు రాసిపెట్టిన సమాచార హక్కు దరఖాస్తుల కార్బన్ కాపీలు, రిజిస్టర్ పోస్టు రసీదులు, వచ్చిన జవాబులు అందులో ఉన్నాయి. వాటిలో పింఛన్ల జాబితా జిరాక్సు ఒకటి నన్ను ఆపేసింది. పేరు, ఊరు, మంజూరైన మొత్తం, చెల్లించిన తేదీ అన్నీ కనిపిస్తున్నాయి. బ్యాంకు ఖాతా నంబరు గడిని మాత్రం మాస్టారు నల్ల సిరాతో వరసగా, ఒక్క అంకె కూడా కనపడకుండా కొట్టేశారు. ఆఫీసు ఆ నంబర్లను కప్పకుండానే పంపింది. ఊళ్లోవాళ్ల చేతికి ఇచ్చే ముందు ఆయనే కప్పారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో, ‘పేర్లు చాలు’ అని రాసుకున్నారు.

సమాచార హక్కుకూ వ్యక్తిగత గోప్యతకూ మధ్య గీత ఎక్కడ పడాలన్న ప్రశ్నకు ఆ పెన్సిల్ రాతలో జవాబు ఉంది. ఈ దేశపు చట్టం కూడా ఇరవై ఏళ్ల పాటు ఇంచుమించు అక్కడే గీత గీసింది. 2025 నవంబర్ 14న ఆ గీత చెరిగిపోయింది. అది ఎలా చెరిగింది, దాని తరవాత పౌరుడికి ఏ దారులు మిగిలాయి అన్నవే ఈ రోజు మీ ముందు ఉంచదలచుకున్నాను.

ముందుగా ఈ రెండు హక్కులూ ఎక్కడ పుట్టాయో చూద్దాం. పుట్టిన చోటు మరిచిపోవడం వల్లనే అవి ఒకదానికొకటి శత్రువుల్లా కనిపిస్తున్నాయని నా నమ్మకం.

గోప్యత కథ మన న్యాయచరిత్రలో ఒక అర్ధరాత్రి తలుపు చప్పుడుతో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేరున హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు తట్టేవారు, ఎక్కడికి వెళ్లినా ఆరా తీసేవారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాత్రిపూట ఇంటి మీదికి రావడం తప్పని 1962 డిసెంబరులో కోర్టు అన్నది కానీ, గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. దాన్ని ఒప్పుకోకుండా విడిగా తీర్పు రాసినవారు మన జస్టిస్ కోకా సుబ్బారావు. రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమేనని ఆయన చెప్పారు. ఆ అల్పసంఖ్యాక అభిప్రాయం చట్టంగా నిలబడడానికి 55 ఏళ్లు పట్టింది. ఆధార్‌ను సవాలు చేసిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు.

ఖరక్ సింగ్ నుంచి పుట్టస్వామి దాకా, ఈ రెండు కేసుల్లోనూ తలుపు లోపల ఉన్నది పౌరుడు, తలుపు తట్టింది ప్రభుత్వం. బలవంతుడి చూపు నుంచి బలహీనుణ్ని కాపాడడానికే గోప్యత పుట్టింది.

తెలుసుకునే హక్కు పుట్టిన తీరు వేరు. 1975లో రాజ్ నారాయణ్ కేసులో, ప్రభుత్వ ప్రతినిధులు బహిరంగంగా చేసే ప్రతి పనీ ప్రజలకు తెలియాలని జస్టిస్ మాథ్యూ చెప్పినా, ఆ మాట చాలా కాలం తీర్పుల పుస్తకాల్లోనే ఉండిపోయింది. దాన్ని నేల మీదికి తెచ్చింది రాజస్థాన్ కూలీలు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానా ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన్ సున్‌వాయీ జరిపింది. అక్కడ జరిగిందల్లా సంపాదించిన మస్టర్ రోల్ నకళ్లను ఊరి ముందు గట్టిగా చదవడమే. ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత కూలీ తీసుకున్నాడు అని చదువుతుంటే ఆ మనిషే లేచి, నేను ఆ పనికి పోనే లేదు అనేవాడు. ఇలాంటి సభల్లో ఎప్పుడో చనిపోయినవాళ్ల పేర్లు కూడా కూలీ తీసుకున్నవాళ్ల జాబితాలో బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా ఈ నకళ్ల హక్కు కోసమే జరిగింది. 2005 చట్టానికి అవే పునాదులు.

ఆ మస్టర్ రోల్ నుంచి పేర్లు తీసేశామనుకోండి. 43 మంది కూలీలు, ఇన్ని రోజులు, ఇంత మొత్తం అని మిగులుతుంది. కూడిక తప్పదు, దొంగతనమూ దొరకదు. మోసం జరిగింది పేరులో. అది బయటపడవలసిందీ పేరులోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ దేశానికి నమూనాగా నిలిచి, 2011లో కేంద్రం రూపొందించిన తనిఖీ నియమాలకు ఆధారమైందంటే, ఇంటింటికీ వెళ్లి పేరు పేరునా అడిగి, గ్రామసభలో పేరు పేరునా చదివి చెప్పడం వల్లే అయింది.

ప్రభుత్వం కాగితాల్లో పౌరుడి పేరు రెండు రకాలుగా చేరుతుంది. ఒకటి హిస్టరీ షీటులో, అంటే ప్రభుత్వం ఎవరిని గమనిస్తోందో ఆ పేరు. రెండోది మస్టర్ రోల్‌లో, అంటే ప్రజల డబ్బు ఎవరికి చేరిందని ప్రభుత్వం చెబుతోందో ఆ పేరు. మొదటిదానికి రక్షణ కావాలి. రెండోది వెలుగులో ఉండాలి. 2005 చట్టం ఈ తేడాను పట్టుకుంది. 2025లో జరిగింది ఈ రెంటినీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేయడం.

ఆ తాళం ఎలా పడిందో వివరంగా చూద్దాం. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. అందులో 8(1)(జె) వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది. పాత నిబంధనలో మూడు మెట్లు ఉండేవి. అడిగిన వ్యక్తిగత సమాచారానికి ప్రజా కార్యకలాపంతో గానీ ప్రజా ప్రయోజనంతో గానీ సంబంధం ఉందా? బయటపెడితే ఆ మనిషి గోప్యతలోకి అకారణంగా చొరబడినట్లవుతుందా? ఒకవేళ అయినా, విస్తృత ప్రజా ప్రయోజనం దాన్ని బయటపెట్టమంటోందా? సమాచార అధికారి ఈ మూడూ తూచి నిర్ణయం తీసుకోవాలి. దానికి తోడు, పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ కాదనకూడదని ఒక వాక్యం ఉండేది. సామాన్యుడి దరఖాస్తును శాసనసభ్యుడి ప్రశ్న పక్కన కూర్చోబెట్టిన వాక్యం అది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 44(3) సెక్షన్ 2025 నవంబర్ 14న అమల్లోకి వచ్చి ఇవన్నీ తీసేసింది. ఇప్పుడు 8(1)(జె)లో మిగిలింది ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం’ అన్నంత వరకే. తూచడం లేదు, మెట్లు లేవు, శాసనసభ పోలిక లేదు. వాణిజ్య రహస్యాల గురించి చెప్పే 8(1)(డి)లో, విశ్వాస సంబంధంలో ఉన్న సమాచారం గురించి చెప్పే 8(1)(ఇ)లో మాత్రం విస్తృత ప్రజా ప్రయోజనం అన్న మాట యథాతథంగా ఉంది. అంటే ఒక కంపెనీ వ్యాపార రహస్యాన్ని ఆ నిబంధన లోపలే ప్రజా ప్రయోజనంతో తూచవచ్చు. ఒక అధికారి పేరుకు ఆ తూకం అక్కడ లేదు. చట్టం రాసినవాళ్లు ఈ అసమానతను ఎలా సమర్థించుకుంటారో నాకు అర్థం కాదు.

మరో సంగతి నన్ను ఇంకా బాధించింది. డేటా పరిరక్షణ చట్టంలో పౌరుడికి హక్కులిచ్చే భాగాలు, మన డేటాను దగ్గర పెట్టుకునేవాళ్లకు బాధ్యతలు విధించే భాగాలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. సమాచార హక్కును కుదించిన భాగానికి ఒక్క రోజు కూడా గడువు లేదు. డాలు తరవాత వస్తుంది, తెర మాత్రం వెంటనే దిగింది.

ఇలా కాకుండా చేయవచ్చని చెప్పినవాళ్లు లేకపోలేదు. 2012లో జస్టిస్ ఏ.పి. షా నాయకత్వంలోని నిపుణుల బృందం, సమాచార హక్కు కింద బయటపెట్టడం గోప్యతా భంగం కాకూడదన్నది. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 8(1)(జె)ని మార్చమన్న మాట నిజమే. కానీ వ్యక్తికి కలిగే హాని ఒక తట్టలో, పారదర్శకత ఇంకో తట్టలో పెట్టి, హాని బరువైతేనే నిరాకరించమన్నది. తక్కెడను మరమ్మతు చేయమని ఆ కమిటీ చెబితే, తక్కెడనే తీసి పక్కన పెట్టారు.

గోప్యతా భయం ఉత్తదే అని నేను అనను. అలా అంటే మాస్టారి నల్ల సిరాకు అన్యాయం చేసినట్లు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి సుమారు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు ఎవరికైనా కనపడేలా ఉన్నాయని అందులో అంచనా కట్టారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. పారదర్శకత పేరుతో జరిగిన నిజమైన హాని అది. కానీ అక్కడ ప్రమాదం కూలీ పేరులో లేదు. పేరు పక్కన పెట్టిన ఆధార్ నంబరులో, ఖాతా నంబరులో ఉంది. ఆ రెండు గడులూ మూస్తే సరిపోయేది. సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ ఇరవై ఏళ్లుగా ఆ మాటే చెబుతోంది. మినహాయించదగిన భాగాన్ని కప్పి, మిగిలినది ఇవ్వాలి. ఆ సెక్షన్‌ను ఎవరూ మార్చలేదు.

ఇప్పుడు ఒక కేసు మీ ముందు పెడతాను. ఆఫీసు పేరు, ఊరు పేరు చెప్పను.

వర్షాలకు వరి నేలపాలైన తరవాత ఒక కౌలు రైతు నా దగ్గరికి వచ్చింది. మూడెకరాల కౌలు, కౌలు కార్డు ఉంది, ఈ-పంటలో నమోదు ఉంది. నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లకు పడిపోయిన చేను చూపించింది. పెట్టుబడి రాయితీ మాత్రం రాలేదు. అదే సర్వే నంబరు మీద పట్నంలో ఉండే భూయజమానికి పడిందని ఊళ్లో అనుకుంటున్నారు. జాబితా రెండు రోజులు గోడకు అంటించి తీసేశారట. ఆమె కొడుకు చేత రాయించి, ఆ గ్రామానికి పెట్టుబడి రాయితీ అందుకున్నవారి పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, చెల్లించిన మొత్తం ఇమ్మని అడిగింది. మండల స్థాయి ఆఫీసు గనుక అయిదు రూపాయల ఫీజు కట్టింది. ఇరవై తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. అందులో ఒకే ఒక్క వాక్యం: అడిగినది మూడో వ్యక్తుల వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేము.

ఈ ఒక్క వాక్యంలో ఎన్ని లోపాలున్నాయో చూడండి. నిరాకరిస్తే కారణాలు చెప్పాలని, ఎవరికి, ఎన్ని రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలో రాయాలని 7(8) సెక్షన్ చెబుతోంది. సెక్షన్ నంబరు రాయడం కారణం చెప్పడం కాదు. అప్పీలు అధికారి వివరం ఆ కాగితం మీద లేదు. మూయదగిన గడి ఏదో చూసి మిగిలింది ఇవ్వవలసిన 10వ సెక్షన్ ఊసు లేదు. ఆమె బ్యాంకు ఖాతాలు అడగలేదు, ఆధార్ అడగలేదు, ఫోన్ నంబర్లు అడగలేదు.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రభుత్వ యంత్రాంగం తనంతట తానే ప్రచురించాలని 4(1)(బి) సెక్షన్ పన్నెండో అంశం ఆదేశిస్తోంది. రాయితీలు, పర్మిట్లు పొందినవారి వివరాలు పదమూడో అంశంలో ఉన్నాయి. ఉద్యోగుల నెలవారీ వేతనాలు పదో అంశం. ఈ బాధ్యతల్లో ఏ ఒక్కటీ సవరణలో పోలేదు. పైగా, ఏదో ఒక చట్టం కింద బహిరంగపరచక తప్పని వ్యక్తిగత డేటాకు తాను వర్తించనని డేటా పరిరక్షణ చట్టం 3వ సెక్షనే చెబుతోంది. ప్రభుత్వం కూడా సవరణను సమర్థించుకునేటప్పుడు దీన్నే చూపిస్తోంది. మంచిది, ఆ మాటనే మనం పట్టుకుందాం. తనంతట తానే గోడకు అంటించవలసిన జాబితాను, అడిగితే రహస్యమనడం కుదరదు.

ఇక ప్రజా ప్రయోజనం సంగతి. 8(1)(జె) లోంచి తీసేసిన ఆ మాట చట్టం లోంచి పూర్తిగా పోలేదు. 8(2) సెక్షన్‌లో ఉంది. ఏ మినహాయింపు ఉన్నా, అధికార రహస్యాల చట్టం ఉన్నా, కాపాడదలచుకున్న ప్రయోజనాలకు కలిగే హాని కంటే వెల్లడిలో ఉన్న ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చునని అది చెబుతుంది. సవరణ వల్ల నష్టమేమీ లేదనేవాళ్లు ఈ సెక్షన్‌ను చూపిస్తారు. అది సగమే నిజం. పాత నిబంధనలో తూచవలసింది సమాచార అధికారి. 8(2)లో నిర్ణయం ఆ శాఖది, అంటే ప్రభుత్వ యంత్రాంగానిది. పైగా ‘ఇవ్వవచ్చు’ అన్న మాట విచక్షణ వైపు మొగ్గుతుంది. కింది స్థాయి ఉద్యోగి తన చేతిలో లేనిదాన్ని పై అధికారికి పంపి నిర్ణయం అడగడం కన్నా, కాదని రాసేయడం తేలిక. వ్యక్తిగత డేటా బయటపెడితే తన మెడకు ఏ జరిమానా చుట్టుకుంటుందోనన్న భయమూ అతణ్ని అటే నెడుతుంది.

అందుకే దరఖాస్తు రాసే పద్ధతి మారాలి. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర లేదని 6(2) సెక్షన్ అంటుంది. చెప్పకపోవడం మన హక్కు. అయినా ఈ రోజున పేర్లున్న సమాచారం అడిగేవాళ్లు ఆ హక్కును పక్కన పెట్టి, ప్రజా ప్రయోజనాన్ని దరఖాస్తులోనే రాయమని నా సలహా. ఒక హక్కును నిలబెట్టుకోవడానికి ఇంకో హక్కును వదులుకోమనడం నాకూ కష్టంగానే ఉంది. ఆ కౌలు రైతు చేత మొదటి అప్పీలులో మేం రాయించినది ఇదీ: నేను అడిగింది ఏ ఒక్క వ్యక్తి జీవితం గురించీ కాదు, ప్రజల డబ్బు ఖర్చు గురించి. ఇది 4(1)(బి) పన్నెండో అంశం కింద మీరు ప్రచురించవలసిన జాబితా. ఖాతా, ఆధార్, ఫోన్ నంబర్లు 10వ సెక్షన్ కింద తొలగించండి. ఇది వ్యక్తిగత సమాచారమేనని మీరు భావిస్తే 8(2) కింద మీ శాఖ నిర్ణయం రాతపూర్వకంగా తెలపండి. సాగు చేసినవారికి చేరవలసిన సొమ్ము చేయనివారికి చేరిందా లేదా అన్నది తేలడమే ఇందులోని ప్రజా ప్రయోజనం.

మొదటి అప్పీలు జవాబు అందిన 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి చేయాలి. 30 రోజులు గడిచినా జవాబే రాకపోతే అది నిరాకరణ కిందే లెక్క, అక్కడి నుంచి 30 రోజులు. అప్పీలు అధికారి 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణాలు రాసి 45 రోజుల్లోగా తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ దశలన్నిటిలోనూ మరిచిపోకూడనిది 19(5) సెక్షన్. నిరాకరణ సరైనదేనని రుజువు చేయవలసిన భారం నిరాకరించిన అధికారిదే. అడిగినవాళ్లది కాదు. విచారణలో చాలామంది తమ అమాయకత్వాన్ని రుజువు చేసుకోవడానికి వచ్చిన ముద్దాయిల్లా నిలబడతారు. ఆ భారం ఎదుటి కుర్చీలో ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. కారణం లేకుండా నిరాకరించిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా కమిషన్ జరిమానా వేయగలదు. దరఖాస్తుదారుకు పరిహారం ఇప్పించగలదు. దావా వేయడాన్ని 23వ సెక్షన్ నిషేధించినా, కమిషన్ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేసే దారిని ఏ చట్టమూ మూయలేదు.

దారి ఉండడం వేరు, దారిలో మనిషి ఉండడం వేరు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనర్ కూడా లేకపోయారు. అప్పుడు వేసిన రెండో అప్పీళ్లు వినే నాథుడు లేక పడి ఉండేవి. చట్టాన్ని సవరించి చేసే నష్టం అందరికీ కనపడుతుంది. కుర్చీ ఖాళీగా ఉంచి చేసే నష్టం గెజెట్‌లో కూడా రాదు.

ఇంకో నిబంధన గురించి చెప్పి తీరాలి. అసైన్డ్ భూముల పట్టాల కోసం తిరిగేవాళ్లు ఈ సభలోనూ ఉన్నారని నాకు తెలుసు. దరఖాస్తు తేదీకి 20 ఏళ్ల ముందు జరిగిన విషయమైతే, దేశ భద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ పత్రాల వంటి మూడు మినహాయింపులు తప్ప మిగిలినవేవీ వర్తించవని 8(3) సెక్షన్ అంటుంది. 8(1)(జె) ఆ మూడింటిలో లేదు. 1980లలోనో 90లలోనో ఎవరికి ఏ సర్వే నంబరులో ఎంత భూమి అసైన్ చేశారో అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించడానికి చట్టంలో చోటు లేదు. ఇరవై ఏళ్ల నాటి జాబితా దొరికి, నిన్నటి జాబితా దొరకకపోవడం వింతే. అయినా దొరికేదాన్ని వదులుకోకూడదు.

వ్యక్తిగతం అన్న మాటను కూడా అధికారులు సాగదీస్తున్నారు. ‘వ్యక్తి’ అంటే మనిషి. కాంట్రాక్టు కంపెనీ మనిషి కాదు. రోడ్డు పనికి ఇచ్చిన బిల్లు, టెండరులో నెగ్గిన సంస్థ పేరు 8(1)(జె) కిందికి రావు. ఉద్యోగి తన కుర్చీలో కూర్చుని చేసిన సంతకం ఆయన సొంత జీవితం కాదు. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో ఉద్యోగి సర్వీసు వివరాలు, ఆస్తుల పత్రాలు మామూలుగా వ్యక్తిగతమేనని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటేనే ఇవ్వాలని సుప్రీంకోర్టు అన్నప్పటి నుంచే ఈ సాగదీత మొదలైంది. ఆ తీర్పు రెండో సగాన్ని మరిచి మొదటి సగాన్ని రబ్బరు స్టాంపులా వాడారు. 2019లో సుప్రీంకోర్టు, తన ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని చెప్పిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పులో మళ్లీ తూచే పద్ధతినే వివరించింది. సవరణ దెబ్బ తగిలింది సరిగ్గా ఆ తూకానికే.

నా అభిప్రాయం దాచుకోను. 44(3) సవరణ తప్పు. పుట్టస్వామి తీర్పును అమలు చేస్తున్నామని చెప్పి, ఆ తీర్పు కోరిన అవసరం, దామాషా అన్న పరీక్షలకే నిలవని నిబంధన తెచ్చారు. హాని ఉన్నా లేకపోయినా, ప్రజా సంబంధం ఉన్నా లేకపోయినా పేరున్న ప్రతి కాగితాన్నీ మూసే అధికారం ఇవ్వడం దామాషా అనిపించుకోదు. పాత 8(1)(జె)ని, కనీసం శ్రీకృష్ణ కమిటీ సూచించిన తక్కెడనైనా పార్లమెంటు తిరిగి తేవాలి. అంతవరకు కమిషన్లు, కోర్టులు 8(2)లోని ‘ఇవ్వవచ్చు’ను, ప్రజా ప్రయోజనం బరువైనప్పుడు ‘ఇవ్వాలి’గా చదవాలి. అధికారం ఇచ్చిన చోట దాన్ని వాడవలసిన బాధ్యత కూడా ఉంటుందన్నది న్యాయశాస్త్రానికి కొత్త సూత్రమేమీ కాదు.

ఈ సభలో ఉన్న యువ న్యాయవాదులను ఒక్కటి అడుగుతాను. నెలలో ఒక్క ఆదివారం ఎవరి ఊళ్లో వాళ్లు ఒక అరుగు మీద కూర్చోండి. వచ్చినవాళ్లు తెచ్చిన నిరాకరణ కాగితం చూడండి. దాని మీద ఒకే వాక్యం ఉంటే ఆ రోజే మొదటి అప్పీలు రాసి పంపండి. జాబితా చేతికి వస్తే, ఊరికి ఇచ్చే ముందు ఖాతా నంబరు గడి నల్ల సిరాతో కొట్టేయండి.

ఆ కౌలు రైతు మొదటి అప్పీలును అదే ఒక్క వాక్యంతో కొట్టేశారు. రెండో అప్పీలు పంపి నాలుగు నెలలైంది. విచారణ తేదీ ఇంకా రాలేదు. రబీకి ఆమె అదే మూడెకరాలు మళ్లీ కౌలుకు తీసుకుంది.